గోధుమ రంగు మీద తిరుగుబాటు

1840లో పదకొండేళ్ల పిల్లవాడొకడు లండన్ రాయల్ అకాడమీ చిత్రకళా పాఠశాలలో చేరాడు. పేరు జాన్ ఎవరెట్ మిలే. ఆ పాఠశాల చరిత్రలో అంత చిన్న వయసులో ప్రవేశం దొరికింది అతనొక్కడికే. అక్కడ చదువు ఒక వరసలో సాగేది. మొదట గ్రీకు, రోమన్ శిల్పాలకు ప్లాస్టర్‌తో పోసిన నకళ్ల ముందు కూర్చుని, చాక్‌తో వాటి వెలుగునీడలు గీయాలి. చేయి కుదిరిందని పెద్దలు ఒప్పుకున్నాకే, బతికున్న మనిషిని ఎదురుగా నిలబెట్టి గీసే తరగతికి పంపేవారు. అంటే మనిషి ఎలా ఉండాలో ముందు రాతి బొమ్మ చెప్పేది. అసలు మనిషి ఆ తర్వాత వచ్చేవాడు.

ఈ వరసకు వెనక ఒక సిద్ధాంతం ఉంది. అకాడమీ 1768లో మొదలైనప్పుడు దానికి తొలి అధ్యక్షుడు జాషువా రేనాల్డ్స్. విద్యార్థులకు ఆయన చేసిన ప్రసంగాలు పుస్తకమై, రెండు మూడు తరాలకు పాఠ్యగ్రంథంలా నిలిచాయి. ప్రకృతిలో కనిపించే ప్రతి వస్తువులోనూ ఏదో ఒక లోపం ఉంటుందని, ఫలానా ఆకు, ఫలానా ముఖం అన్న విడి వివరాలను దాటి అన్నిటికీ వర్తించే పరిపూర్ణ రూపాన్ని పట్టుకునేవాడే గొప్ప చిత్రకారుడని ఆయన బోధన. దానికి ఆదర్శం 1520లో చనిపోయిన ఇటలీ చిత్రకారుడు రాఫేల్.

రేనాల్డ్స్ ఆలోచన తక్కువదేమీ కాదు. కానీ ఆయన తర్వాతివాళ్ల చేతుల్లో అది వంటకపు కొలతల్లా మారింది. బొమ్మలో మనుషులు త్రికోణం ఆకారంలో గుమిగూడాలి. ముఖ్యమైన పాత్ర మీదే ఎక్కువ వెలుగు పడాలి. ఒక మూలనైనా చీకటి ఉండాలి. మిగతావన్నీ గోధుమ రంగు నీడలో మెల్లగా కరిగిపోవాలి. చెట్లు కూడా పచ్చగా ఉండకూడదు. సర్ జార్జ్ బోమంట్ అనే కళాపోషకుడు బొమ్మ రంగు పాత వయొలిన్ చెక్క రంగులో ఉండాలని వాదించేవాడట. అది విని చిత్రకారుడు కాన్‌స్టబుల్ ఒక వయొలిన్ తెచ్చి పచ్చగడ్డి మీద పెట్టి చూపించాడని చెబుతారు. ఆ గోధుమ రంగు కోసం చాలామంది తారులాంటి బిటుమెన్ వాడేవారు. పూసిన రోజున అది తేనెలా మెరుస్తుంది, కానీ ఎప్పటికీ పూర్తిగా ఆరదు. కొన్నేళ్లకు నల్లబడి, ముడతలు పడి, మొసలి చర్మంలా పగుళ్లు తేలుతుంది. ఆ కాలపు ఇంగ్లిష్ చిత్రాలు కొన్ని నేటికీ ఆ పగుళ్లతోనే గోడల మీద ఉన్నాయి.

మిలే ఈ చదువులో ఎదురులేని విద్యార్థి. 1847లో అకాడమీ బంగారు పతకం కూడా గెలుచుకున్నాడు. అతని స్నేహితుడు విలియం హోల్మన్ హంట్‌ది వేరే కథ. చిన్నతనంలోనే గుమాస్తాగా పనికి కుదిరి, ఇంట్లోవాళ్ల ఇష్టానికి ఎదురు నిలిచి బొమ్మలు వేసినవాడు. అకాడమీలో ప్రవేశానికి రెండుసార్లు తిరస్కారం చూశాక గాని చోటు దొరకలేదు. మూడోవాడు డాంటే గేబ్రియల్ రోసెటి. లండన్‌లో తలదాచుకున్న ఇటలీ కవి కొడుకు. కవిత్వం నోట్లో ఉన్నంత సులువుగా కుంచె చేతిలో ఉండేది కాదు. ప్లాస్టర్ నకళ్లు గీయడమంటే విసుగుపడి పాఠాలు ఎగ్గొట్టేవాడు. ఒకడు ఆ పద్ధతిలో అందరికన్నా ముందున్నవాడు, ఒకడు దానితో కుస్తీ పట్టినవాడు, ఒకడు దాన్ని భరించలేనివాడు. తిరుగుబాటుకు ఈ ముగ్గురూ అవసరమయ్యారు. చేతకాక తిట్టేవాళ్లే అయివుంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. పతకం గెలిచినవాడు కూడా కాదన్నందుకే పెద్దలకు అంత కోపం వచ్చింది.

1848 సెప్టెంబరులో, గోవర్ స్ట్రీట్ 83వ నంబరులోని మిలే తల్లిదండ్రుల ఇంట్లో, ఈ ముగ్గురూ మరో నలుగురిని కలుపుకుని ఒక సోదర సంఘంగా ఏర్పడ్డారు. ఆ నలుగురిలో ఒకడు శిల్పి వుల్నర్, ఒకడు రోసెటి తమ్ముడు విలియం. అందరూ ఇరవై మూడేళ్లు దాటని కుర్రవాళ్లే. రాఫేల్‌ను గురువును చేసుకోవడంతోనే కళకు దారి తప్పిందని, ఆయనకు ముందున్న చిత్రకారుల దగ్గరికి తిరిగి వెళ్లాలని అనుకున్నారు కనుక ప్రీ-రాఫేలైట్లు అని పేరు పెట్టుకున్నారు. సంతకం కింద వేయడానికి మూడు అక్షరాల గుర్తు నిర్ణయించుకుని, దాని అర్థం బయటికి చెప్పకూడదని ఒట్టు వేసుకున్నారు.

అప్పటికి రాఫేల్‌కు ముందటి చిత్రాలు వీళ్లు చూసినవి చాలా తక్కువ. ఆ సాయంత్రాల్లో వాళ్లు తిరగేసింది పీసా నగరంలోని కాంపో సాంతో శ్మశాన మండపపు గోడల మీది 14, 15 శతాబ్దాల కుడ్యచిత్రాలకు లసీనియో అనే అతను చేసిన ముద్రణల సంపుటం. అందులో రంగులు లేవు, గీతలే. లండన్ నేషనల్ గ్యాలరీలో మాత్రం వాన్ ఐక్ గీసిన ఆర్నోల్ఫీని దంపతుల చిత్రం 1842 నుంచి ఉంది. లొరెంజో మొనాకో చేసిన పాత పూజాపీఠంలోని రెండు పలకలు 1848లో అక్కడికి వచ్చాయి. అకాడమీ, నేషనల్ గ్యాలరీ అప్పట్లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఒకే భవనాన్ని పంచుకునేవి. ఒక గదిలో పాఠం, మరో గదిలో ఆ పాఠాన్ని కాదనే బొమ్మ.

ఆ పాత బొమ్మల్లో వీళ్లకు ఏం కనిపించిందో అర్థం చేసుకోవడానికి మనం పీసా దాకా వెళ్లక్కర్లేదు. లేపాక్షి గుడి పైకప్పు చిత్రాలను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మనుషులు పక్కవాటుగా, వరసగా నిలబడి ఉంటారు. నీడ లేదు. దేవుడి కిరీటం ఎంత స్పష్టంగా ఉందో, చివర నిలబడ్డ స్త్రీ చీర అంచులోని పూలూ అంతే స్పష్టం. ఫలానా చోటే చూడమని చిత్రకారుడు మన చూపును వెలుగుతో తోయడు. పాత ఇటలీ, ఫ్లాండర్స్ చిత్రకారులు కూడా తమ తమ పద్ధతుల్లో ఇదే చేశారు. వాళ్లకు దేవదూత రెక్క, నేల మీది గడ్డిపరక రెండూ సృష్టిలో భాగమే. రెండింటికీ సమానమైన శ్రద్ధ దక్కాలి.

ఈ ఉద్యమంలో మధ్యయుగాల కథల మీద మోజు ఒకటి, సూక్ష్మ వివరాల మీద పట్టుదల మరొకటి అని విడదీసి చెప్పడం మామూలు. నాకు ఆ విభజన సరైనదిగా అనిపించదు. అకాడమీ సూత్రాలన్నీ చివరికి ఒకే మాట చెప్పేవి: ఏది ముఖ్యమో, ఏది కాదో ముందే తేల్చు, ముఖ్యం కానిదాన్ని నీడలోకి నెట్టు. మధ్యయుగపు బొమ్మ ఆ నెట్టివేతను ఒప్పుకోదు. కాబట్టి పాత కథనూ, పాత కూర్పునూ ఎంచుకోవడం, మూల మూలనా అంతే జాగ్రత్తగా గీయడం రెండూ ఒకే ధిక్కారం.

మిలే పందొమ్మిదేళ్ల వయసులో గీసి, 1849లో అకాడమీ ప్రదర్శనలోనే పెట్టిన 'ఇసబెల్లా' చూస్తే ఇది తెలుస్తుంది. ఇప్పుడది లివర్‌పూల్ వాకర్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. కథ మధ్యయుగాల ఇటలీది, బొకాచియో చెప్పగా కవి కీట్స్ తిరిగి రాసినది. వ్యాపారం చేసే అన్నలకు ఒక చెల్లెలు. ఇంట్లో పనిచేసే లొరెంజో అనే యువకుణ్ని ఆమె ప్రేమిస్తుంది. అన్నలు అతన్ని అడవిలో చంపి పాతిపెడతారు. ఆమె అతని తల తెచ్చి కుండీలో దాచి, పైన తులసి జాతి మొక్క నాటి, కన్నీళ్లతో తడుపుతుంది. అకాడమీ పద్ధతి తెలిసినవాడు ఎవరైనా హత్యనో, కుండీని కౌగిలించుకున్న ఇసబెల్లానో గీసేవాడు. మిలే గీసింది అంతకు చాలా ముందటి ఒక భోజనాన్ని.

బల్లకు అటూ ఇటూ పన్నెండు మంది దాకా కూర్చుని ఉన్నారు. కుడివైపు వరసలో తలలు ఒకదాని పక్కన ఒకటి పక్కవాటుగా, గుడి గోడ మీది వరసలా ఉంటాయి. త్రికోణం లేదు, మధ్యలో ఎవరూ లేరు. లొరెంజో ఒక పళ్లెంలో కోసిన ఎర్రటి నారింజను ఇసబెల్లాకు అందిస్తున్నాడు. ఎడమవైపు ముందున్న అన్న కుర్చీని ముందుకు వంచి, తెల్లటి మేజోడు వేసిన పొడవాటి కాలు బల్ల కింది నుంచి చాపి, ఆమె ఒళ్లో తల పెట్టుకున్న కుక్కను తన్నుతున్నాడు. చేతిలో గింజలు పగలగొట్టే పటకారు. బల్ల మీద ఉప్పు ఒలికింది. ఒక పింగాణీ పళ్లెం మీద తల నరికే దృశ్యం ఉంది. ఒక డేగ తెల్లటి ఈకను చీలుస్తోంది. వెనక గట్టు మీద, కథలో ఇంకా రావలసిన ఆ కుండీలు ముందే ఉన్నాయి. హత్య ఎక్కడా లేదు, కానీ ప్రతి వస్తువులోనూ ఉంది. ముఖ్యం కాని వస్తువులని అకాడమీ నీడలోకి నెట్టమన్న ఉప్పూ పళ్లెమూ కుక్కా ఇక్కడ కథ చెబుతున్నాయి. వస్తువుల చేత కథ చెప్పించడం మధ్యయుగపు చిత్రకారుల పని. మిలే వాళ్ల దగ్గర నేర్చుకున్నది వేషధారణ కాదు, ఈ కథన పద్ధతి.

ముఖాల విషయంలో కూడా అంతే. ఆదర్శ సౌందర్యం కోసం ఎవరినీ సరిదిద్దలేదు. లొరెంజోకు రోసెటి తమ్ముడు, ఇసబెల్లాకు మిలే వదిన, మూతి తుడుచుకుంటున్న ముసలాయనకు మిలే తండ్రి కూర్చున్నారు. బల్లకు ఆ చివర గ్లాసెత్తి తాగుతున్నవాడు రోసెటి. ఇసబెల్లా కూర్చున్న పీట చెక్కడంలో సంఘం గుర్తు మూడు అక్షరాలూ ఉన్నాయి. ఆ ఏడాది విమర్శకులు చూశారు, కొంత మెచ్చుకున్నారు, కొంత వింతగా ఉందన్నారు, అక్షరాలను దాటిపోయారు.

మరుసటి ఏడాదికి రహస్యం పత్రికలకెక్కింది. దాంతో 1850 ప్రదర్శనలో తుఫాను రేగింది. మిలే ఈసారి గీసింది వడ్రంగి జోసెఫ్ పనిచోటు. బాల యేసు చేతిలో మేకు గుచ్చుకుంది, తల్లి మోకాళ్ల మీద కూర్చుని చెంప అందిస్తోంది, మరో పిల్లవాడు గిన్నెతో నీళ్లు తెస్తున్నాడు. తలుపు అవతల గొర్రెలు గుమిగూడి చూస్తున్నాయి. ఈ బొమ్మ కోసం మిలే లండన్‌లోని అసలైన వడ్రంగి కొట్టుకు వెళ్లి చూసి గీశాడు. జోసెఫ్ చేతుల నరాలూ కండలూ నిజంగా ఉండాలని శరీరానికి ఒక వడ్రంగిని నిలబెట్టాడు, తలకు తన తండ్రిని. గొర్రెల మంద దొరక్క కసాయి కొట్టు నుంచి తలలు తెప్పించుకున్నాడు. నేల నిండా చెక్క చిత్రికలు, గోళ్లలో మట్టి, ఎర్రజుట్టు పిల్లవాడు.

నవలా రచయిత చార్లెస్ డికెన్స్ తన పత్రికలో దాని మీద నిప్పులు కురిపించాడు. పవిత్ర కుటుంబాన్ని మురికివాడ మనుషుల్లా, రోగిష్టుల్లా, వికారంగా చూపించాడని ఆయన అభియోగం. పేదవాళ్ల కోసం అంత రాసిన డికెన్స్, దేవుడి తల్లిదండ్రులు పేదవాళ్లలా కనిపించడాన్ని సహించలేకపోయాడు. గొడవ ఎంతగా ముదిరిందంటే విక్టోరియా రాణి ఆ చిత్రాన్ని తన దగ్గరికి తెప్పించుకుని చూసింది.

ఆ కోపంలో మతం పాలు కూడా ఉంది. సోదర సంఘమన్న పేరు, సంకేతాలు నిండిన మధ్యయుగపు పద్ధతి ప్రొటెస్టంట్ ఇంగ్లండ్‌కు కేథలిక్ మఠాల వాసనలా తోచాయి. పోప్ ఇంగ్లండ్‌లో కేథలిక్ బిషప్పుల వ్యవస్థను తిరిగి నెలకొల్పింది కూడా ఆ 1850లోనే. వెనక్కి చూడటం అమాయకమైన అభిరుచి కాదని, అది రాజకీయమని జనం అనుకునే రోజులవి. విమర్శకుడు జాన్ రస్కిన్ 1851 మే నెలలో టైమ్స్ పత్రికకు రెండు ఉత్తరాలు రాసి ఈ కుర్రవాళ్లను వెనకేసుకొచ్చాడు. ఆయన కూడా ఆ కేథలిక్ పోకడ తనకు నచ్చదని స్పష్టం చేశాకే వాళ్ల నిజాయితీని మెచ్చుకున్నాడు. అయినా ఆ ఉత్తరాలతో గాలి మళ్లింది. అప్పటికి రస్కిన్‌కు వాళ్లతో పరిచయం లేదు. ప్రకృతిలోంచి దేన్నీ ఏరకుండా, దేన్నీ తోసిపుచ్చకుండా గీయమని యువ చిత్రకారులకు ఆయన అంతకుముందే తన పుస్తకంలో చెప్పి ఉన్నాడు. హంట్ దాన్ని చదివి ఉన్నాడు.

ఏరకుండా గీయడమంటే రోజువారీ పనిలో ఎలా ఉంటుందో ఆ వేసవిలోనే మిలే అనుభవించాడు. 'ఒఫీలియా' కోసం. హామ్లెట్ నాటకంలో మతి చలించిన ఒఫీలియా వాగులో పడి, పూలతో పాటు తేలుతూ మునిగిపోతుంది. ఆ దృశ్యం నాటకంలో రంగస్థలం మీద జరగదు, మాటల్లో వినిపిస్తుందంతే. మిలే 1851 జూలై నుంచి నవంబరు దాకా సర్రే జిల్లాలో యూవెల్ దగ్గర హాగ్స్‌మిల్ వాగు ఒడ్డున కూర్చున్నాడు. రోజుకు పదకొండు గంటల దాకా, వారానికి ఆరు రోజులు. ఈగలు కండలు పీకుతున్నాయని, గాలి తనను వాగులోకి తోసేలా ఉందని, గడ్డి తొక్కి పాడుచేసినందుకు పొలం యజమాని కోర్టు నోటీసు ఇస్తానంటున్నాడని ఉత్తరాల్లో రాశాడు. చలి ముదిరాక గడ్డితో చిన్న పాక కట్టించుకున్నాడు. పక్కనే మరో చోట హంట్ తన చిత్రం మీద పనిచేస్తున్నాడు.

వాళ్ల రంగులు ఎందుకంత వెలుగుతాయో చెప్పాలంటే అడుగు పూతతో మొదలుపెట్టాలి. అకాడమీ పద్ధతిలో కాన్వాసుకు ముందు గోధుమ పూత వేసి, చీకటి నుంచి వెలుగులోకి వచ్చేవారు. వీళ్లు తళతళలాడే తెల్లటి పూత వేసుకున్నారు. దాని మీద గీతలు గీసుకుని, ఆ రోజు పూర్తిచేయగల చిన్న ముక్క మీద మాత్రం వార్నిష్ కలిపిన తెల్లరంగును మళ్లీ పల్చగా పూసి, అది తడిగా ఉండగానే నీటిరంగులకు వాడేలాంటి సన్నటి కుంచెలతో పల్చని రంగులు వేసేవారని హంట్ తర్వాత వివరించాడు. వెలుతురు పల్చని రంగులోంచి వెళ్లి కింది తెలుపును తాకి వెనక్కి వస్తుంది, అందుకే రంగు లోపలి నుంచి మెరుస్తున్నట్టు ఉంటుంది. ఒక రోజుకు ఒక ముక్క అన్న ఈ లెక్క పాత ఇటలీ గోడచిత్రాలదే. అక్కడా తడి సున్నం ఆరేలోగా ఆ రోజు భాగం ముగించాలి. చిక్కేమిటంటే తప్పు జరిగితే దిద్దుకోలేరు. కుంచె కాస్త బరువుగా పడితే కింది తెలుపు లేచి రంగులో కలిసి సున్నంలా పాలిపోతుంది. అప్పుడు ఆ ముక్కంతా గీకేసి మళ్లీ మొదలుపెట్టాలి.

ఇందులో కొత్త కాలపు సాయం కూడా ఉంది. రంగును నింపి మూత బిగించే తగరపు గొట్టాలు 1841లో వచ్చాయి. అవి లేకపోతే నూనె రంగులు మోసుకుని అయిదు నెలలు వాగు ఒడ్డున కూర్చోవడం కష్టం. కోబాల్ట్ నీలం, క్రోమ్ పసుపు వంటి గాఢమైన రంగులు ఆ శతాబ్దంలోనే అందుబాటులోకి వచ్చినవి. మధ్యయుగపు చిత్రకారులకు తెలియని పచ్చదనాలతో వీళ్లు మధ్యయుగాల వైపు నడిచారు.

ఒడ్డునంతా గీశాక, మధ్యలో మనిషికి చోటు ఖాళీగా వదిలి మిలే లండన్ తిరిగివచ్చాడు. ఆ చోటు ఎలిజబెత్ సిడల్‌ది. టోపీల కొట్టులో పనిచేసిన అమ్మాయి. మిలే నాలుగు పౌన్లకు కొన్న పాత వెండి జరీ గౌను వేసుకుని, నీళ్లు నింపిన తొట్టెలో వెల్లకిలా పడుకునేది. కాలం చలికాలం. నీళ్లు చల్లబడకుండా తొట్టె కింద దీపాలు పెట్టారు. ఒకరోజు అవి ఆరిపోయాయి. మిలే పనిలో మునిగి గమనించలేదు, ఆమె కదలలేదు, చెప్పలేదు. తీవ్రంగా జబ్బుపడింది. వైద్యం ఖర్చులకు ఆమె తండ్రి యాభై పౌన్లు అడిగాడు, చివరికి అంతకన్నా తక్కువకు రాజీ కుదిరింది. ఈ సంగతిని వినోదపు కథలా చెబుతుంటారు. నాకది అలా వినిపించదు. ఒక్క ఆకునూ వదలని ఆ చూపు, ఎదురుగా వణుకుతున్న మనిషిని వదిలేసింది. సిడల్ తర్వాత తానే బొమ్మలు వేసింది, కవితలు రాసింది. రస్కిన్ ఆమె పని కొనేందుకు డబ్బు ఏర్పాటు చేశాడు. 1860లో రోసెటిని పెళ్లాడి, రెండేళ్లకే నల్లమందు కలిసిన మందు మోతాదు మించి చనిపోయింది.

'ఒఫీలియా'లో మొక్కలను పేరుపేరునా గుర్తుపట్టవచ్చు. విల్లో కొమ్మ, దురదగొండి లాంటి నెటిల్, డైసీలు, గులాబీలు, మెడ చుట్టూ వయొలెట్ల దండ, చేతి దగ్గర ఎర్రటి గసగసాల పువ్వు. ప్రతిదానికీ ఒక భావం ఉంది. ప్రేమ, వృథా అయిన ఆశ, విశ్వాసం, చావు. ఇదీ 'ఇసబెల్లా'లోని ఉప్పూ పళ్లెమూ చేసిన పనే. అయితే పరీక్షగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఒకే ఒడ్డున వేర్వేరు ఋతువుల పూలు పక్కపక్కనే పూశాయి. అయిదు నెలల పాటు ఏది పూస్తే అది గీశాడు మరి. బొమ్మలో ప్రతి పువ్వూ నిజమే, అవన్నీ కలిసి ఉన్న ఆ క్షణం మాత్రం ఏ రోజూ లేదు. ఒడ్డు మీద ఎండ, అమ్మాయి మీద గది వెలుతురు. ఈ పద్ధతిలో గీసిన చాలా బొమ్మల్లో ఇదే లోపం. మనుషులు కత్తిరించి అతికించినట్టు, దూరపు కొండా దగ్గరి రాయీ ఒకే పదునుతో కనిపిస్తాయి. మన కన్ను అన్నిటినీ ఒకేసారి అంత స్పష్టంగా చూడదు. 'ఒఫీలియా' ఆ లోపాన్ని తప్పించుకుంది. ఆమె చుట్టూ లోకం అంత పదునుగా ఉండటం, తేలిపోతున్న మనిషికి ఆఖరిసారి కనిపించే లోకంలా మనకు తగులుతుంది. అది సిద్ధాంతం ఇచ్చింది కాదు, మిలే ప్రతిభ ఇచ్చింది.

సిద్ధాంతానికి ప్రతిభ తోడవకపోతే ఏమవుతుందో 1857లో ఆక్స్‌ఫర్డ్ చెప్పింది. అప్పటికి తొలి సంఘం చెదిరిపోయింది. రోసెటి చుట్టూ విలియం మారిస్, బర్న్-జోన్స్ వంటి కొత్తవాళ్లు చేరారు. విశ్వవిద్యాలయ చర్చామందిరపు పైగోడల మీద ఆర్థర్ రాజు కథలు గీస్తామని ఒప్పుకున్నారు. ఎవరికీ కుడ్యచిత్రం గీసిన అనుభవం లేదు. గోడ కొత్త ఇటుకది, ఇంకా చెమ్మ ఆరలేదు. దాన్ని గచ్చుతో నున్నగా చేయకుండా, వెల్ల మాత్రం వేసి, దాని మీద జిగురు కలిపిన నీటిరంగులతో గీశారు. పూర్తవుతుండగా చూసినవాళ్లు పాత సచిత్ర చేతిరాత గ్రంథాల అంచుల్లాంటి ఆ మెరుపుకు ముగ్ధులయ్యారు. నెలలు తిరక్కముందే రంగులు పెచ్చులూడి, పాలిపోయాయి. పదిహేనో శతాబ్దం ముంగిట ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని గోడ ఎలా సిద్ధం చేయాలో, సున్నం ఎన్ని పూతలు వేయాలో వివరంగా రాసిన గ్రంథం 1844లోనే ఇంగ్లిష్‌లోకి వచ్చి ఉంది. మధ్యయుగాల కథలనూ రాజులనూ అంతగా ప్రేమించినవాళ్లు, ఆ కాలపు మేస్త్రీల పనితనాన్ని మాత్రం అడిగి తెలుసుకోలేదు. ఉద్యమం మొత్తంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే వైఫల్యం ఇదే. ఆ పాఠం నేర్చుకున్నవాడు మారిస్. అద్దకం, నేత, ముద్రణ వంటి పనులను ఆ తర్వాత జీవితమంతా తన చేతులతో మొదటి నుంచీ నేర్చుకుంటూ పోయాడు.

మిగతావాళ్ల దారులు వేరయ్యాయి. 1853లో మిలేను అకాడమీ తన అనుబంధ సభ్యుడిగా ఎన్నుకుంది. సంఘం ఆ రోజుతో ముగిసిందని రోసెటి బాధపడ్డాడు. హంట్ బైబిల్ కథలకు నిజమైన నేల కావాలని పాలస్తీనాకు వెళ్లిపోయి, చివరిదాకా తొలి పద్ధతినే పట్టుకుని ఉన్నాడు. మిలే కుంచె వదులైంది. అయిదు నెలలకు ఒక ఒడ్డు గీస్తే ఎనిమిది మంది పిల్లల సంసారం నడవదు. వేగంగా, విశాలంగా గీసి, బాగా సంపాదించి, 1896లో రేనాల్డ్స్ కూర్చున్న అధ్యక్ష పీఠం మీదే కూర్చుని, ఆ ఏడాదే చనిపోయాడు. దాన్ని ద్రోహమని నేననను. పందొమ్మిదేళ్లకు 'ఇసబెల్లా'నూ, ఇరవై రెండేళ్లకు 'ఒఫీలియా'నూ ఇచ్చినవాడు తన వంతు అప్పటికే చేసేశాడు. ఆ రెండు చిత్రాల తర్వాత ఇంగ్లండ్‌లో ఏ యువ చిత్రకారుడికీ చెట్టును గోధుమ రంగులో గీయాల్సిన అవసరం లేకపోయింది.

'ఒఫీలియా' ఇప్పుడు లండన్ టేట్ బ్రిటన్ మ్యూజియం సొత్తు. 76 సెంటీమీటర్ల ఎత్తు, 112 సెంటీమీటర్ల వెడల్పు, మనం అనుకునేదాని కన్నా చిన్న బొమ్మ. ఆ మ్యూజియం వెబ్‌సైటులో దాన్ని పెద్దది చేసి చూసే వీలుంది. చూసేటప్పుడు ముఖాన్ని కాసేపు వదిలిపెట్టండి. ఒడ్డు మీది పొదల్లో ఒక అంగుళం ఎంచుకుని, అక్కడున్న ఆకులను ఒక్కొక్కటిగా చూడండి. ఈ కుర్రవాళ్లు దేనికోసం పోట్లాడారో అక్కడే ఉంది.